ఇరవై నాలుగు వృత్తలేఖినుల కోసం రాసిన లేఖ

హైదరాబాద్‌లోని ఒక ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఎనిమిదో తరగతిలో 42 మంది పిల్లలు. చతుర్భుజాల నిర్మాణం మొదలుపెట్టగానే హెచ్‌ఎం మేడంకి లేఖ రాశాను: పిల్లలందరికీ తలా ఒక కంపాస్ బాక్స్, 42 బాక్సులు, ఒక్కోటి 130 చొప్పున 5,460 రూపాయలు.

మేడం చదివి వెనక్కిచ్చారు. "బాక్సులు పంచేస్తే ఇళ్ళకు పోతాయి సార్. వచ్చే జూన్‌లో మళ్ళీ ఇదే లేఖ రాస్తారు. అసలు ఏది లేక పాఠం ఆగింది?"

నా దగ్గర సమాధానం లేదు. మర్నాడు అందరి చేతా 5 సెం.మీ. వ్యాసార్ధంతో ఒక వృత్తం గీయించాను. మొదలుపెట్టిన చోటే గీత వచ్చి కలిస్తే వృత్తలేఖిని మంచిదే. కలవకపోతే పైన కీలు వదులైందన్నమాట. కలిసినవి 11 మాత్రమే.

ఒక అమ్మాయి కీలు జారకుండా కాగితం మడిచి దూర్చింది. నాలుగు భుజాలు, ఒక కర్ణం ఇచ్చిన లెక్క. ఆమె వేసిన సోపానాలన్నీ సరైనవే, కానీ 6 సెం.మీ. ఉండాల్సిన చివరి భుజం 6.4 వచ్చింది. చాపం గీస్తుంటే కాళ్ళు విచ్చుకున్నాయి. పాపం, లెక్కే అర్థం కాలేదనుకుని మూడుసార్లు చెరిపి గీసింది, కాగితం చిరిగిపోయింది. ఆ పేజీ చూశాక ఏం అడగాలో తెలిసింది.

రెండో లేఖకు ఆ పేజీ జిరాక్స్ జతచేశాను. "42 మందిలో 31 మంది వృత్తలేఖినులు పనికిరావు. ఇద్దరికి ఒకటి చొప్పున 21, విరిగితే మార్చడానికి 3. వీటిని స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించి, నంబర్లు వేసి బీరువాలో ఉంచుతాను" అని రాశాను. కింద లెక్క: 24 ఇనుప వృత్తలేఖినులు 1,080, 24 కోణమానులు 240, ప్లైవుడ్ మీద మేకులు కొట్టి చేసే జియోబోర్డులు ఎనిమిదికి 1,200, రబ్బరు బ్యాండ్లు 50, బోర్డు మీద గీసే చెక్క సెట్టు 450. మొత్తం 3,020. జియోబోర్డు ఎందుకో ఒక్క వాక్యంలో చెప్పాను: భుజాలు మార్చకుండా చతురస్రాన్ని పక్కకు వంచితే రాంబస్ అవుతుందని చెప్తే పిల్లలు తలూపుతారు కానీ, రెండు ఆకారాలూ రబ్బరు బ్యాండుతో తామే చేసి పోల్చుకుంటేనే తేడా పట్టుకుంటారు.

మేడం చెక్క సెట్టు కొట్టేశారు. "స్టోర్ రూమ్‌లో పాతది ఉంది, చూడండి" అన్నారు. నిజంగానే ఉంది. మిగతా 2,570 స్కూల్ గ్రాంటులోంచి, బిల్లులు ఇవ్వాలన్న షరతుతో మంజూరు చేశారు.

శనివారం కోఠికి వెళ్ళి, దుకాణంలోనే ప్రతి వృత్తలేఖినితో ఒక్కో వృత్తం గీసి చూశాను. ఐదు వెనక్కిచ్చి వేరేవి తీసుకున్నాను. సోమవారం ఆ అమ్మాయికి ఒకటో నంబరు ఇచ్చాను. చివరి భుజం స్కేలుతో కొలిచి, "ఆరే వచ్చింది సార్!" అంది.