మొదటి గంటలో మాకు అక్కరకొచ్చింది ఆ 12 అంకెల నంబరే

ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్మిన డబ్బుతో మా పెద్దబాపు ఓ పాత పవర్ టిల్లర్ కొనాలనుకున్నాడు. ఆన్‌లైన్ ప్రకటన చూసి, ముందు 20 వేలు, తర్వాత రవాణా కోసమని 28 వేలు యూపీఐలో పంపాడు. ఇంకో 6 వేలు జీఎస్టీ కట్టమనేసరికి అనుమానం వచ్చి నాకు ఫోన్ చేశాడు.

"రెండోది పంపి ఎంతసేపయింది పెద్దబాపూ?"

"అరగంట కూడా కాలేదు బిడ్డా. ఆటో ఎక్కి పోలీస్ స్టేషన్‌కు పోతున్న."

ఆటో ఆపమన్నాను. స్టేషన్‌కు చేరేలోపు ఆ డబ్బు మోసగాడి ఖాతా నుంచి ఇంకో ఖాతాకు, అక్కడి నుంచి ఏటీఎంకు వెళ్లిపోవచ్చు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే అక్కడివాళ్లు వివరాలు ఎక్కించగానే సమాచారం బ్యాంకులకు వెళ్తుంది. డబ్బు ఇంకా ఖాతాలో ఉంటే బ్యాంకు దాన్ని హోల్డ్‌లో పెడుతుంది. దాటిపోతే, చేరిన తర్వాతి బ్యాంకులో వెతుకుతారు.

లైన్ బిజీ. మళ్లీ మళ్లీ చేస్తూనే, ఆయన్ని యాప్‌లో పేమెంట్ హిస్టరీ తెరవమన్నాను. ఆయన T తో మొదలయ్యే పొడుగు నంబరు చదివాడు. అది ఆ యాప్ సొంత నంబరు. బ్యాంకులు డబ్బు జాడ పట్టేది దాని కింద UTR అని ఉండే 12 అంకెలతో. రెండు పేమెంట్లకూ రెండు వేర్వేరు UTRలు ఉంటాయి, రెండూ రాసుకున్నాం. ఒక్కటే చెప్తే రెండో మొత్తం ఫిర్యాదులోకే రాదు. తేదీ, టైమ్, ఆ మనిషి యూపీఐ ఐడీ, ఫోన్ నంబరు కూడా పక్కన పెట్టుకున్నాం. చాట్ డిలీట్ చేయొద్దని గట్టిగా చెప్పాను.

లైన్ కలిసింది, ఫిర్యాదు నంబరు మెసేజ్‌గా వచ్చింది. వెంటనే బ్యాంకుకూ చేశాం. ఆ నంబరు ఏటీఎం కార్డు వెనుక చూసి తీసుకోవాలి. ఇంటర్నెట్‌లో వెతికితే దొంగ కస్టమర్ కేర్ నంబర్లు తగులుతాయి. పిన్ మీరే కొట్టారు కాబట్టి మేం వెనక్కి తిప్పలేం అన్నారు బ్యాంకువాళ్లు. అది నిజమే, అయినా ఫిర్యాదు నమోదు చేయించాం. ఆ తర్వాతే cybercrime.gov.in లో స్క్రీన్‌షాట్లతో వివరాలు పూర్తి చేసి, వరంగల్ సైబర్ క్రైమ్ స్టేషన్‌కు వెళ్లాం.

28 వేలు హోల్డ్ అయ్యాయి. మొదటి 20 వేలు అప్పటికే డ్రా చేసేశారు. హోల్డ్ అయిన డబ్బు కూడా వెంటనే ఖాతాలో పడలేదు, అప్పట్లో కోర్టు ఉత్తర్వు కావాల్సి వచ్చింది. పోలీసుల ద్వారా పిటిషన్ వేశాం. లోక్ అదాలత్‌లో కూడా ఇలాంటివి తేలుస్తున్నారు.

ఈలోపు ఒకడు సైబర్ క్రైమ్ ఆఫీసర్‌నంటూ పెద్దబాపుకు ఫోన్ చేసి, డబ్బు విడుదలకు 3 వేలు ఫీజు అడిగాడు. హోల్డ్ తీయడానికి పోలీసులు గానీ బ్యాంకు గానీ యూపీఐలో ఫీజు అడగరు. పెద్దబాపు ఏమీ పంపలేదు. ఆ నంబరు కూడా స్టేషన్‌లో ఇచ్చొచ్చాం.