సున్నా పాయింట్ ఎనిమిది మనిషి: పార్ట్‌టైమ్ గంటలతో నా మొదటి బడ్జెట్

మా నాన్న ప్రభుత్వ హైస్కూల్ హెడ్‌మాస్టర్‌గా రిటైర్ అయ్యారు. ఆయన లెక్కలో పోస్టు అంటే భర్తీ అయి ఉంటుంది, లేదంటే ఖాళీగా ఉంటుంది, మధ్యలో ఇంకోటి లేదు. అందుకే నేను ఇక్కడ అమెరికాలో కాలేజీ లైబ్రరీలో చేరి, ఫోన్‌లో "మా డిపార్ట్‌మెంట్‌లో ఎనిమిదిన్నర మంది ఉన్నాం నాన్నా" అంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ అర మనిషి ఎవరమ్మా?" అన్నారు. నిజానికి మొదటి ఏడాది నాకూ ఆ సంగతి సరిగ్గా తెలియదు.

పని ఏంటంటే, మా లైబ్రరీ కౌంటర్ విభాగానికి జులై 1 నుంచి మొదలయ్యే ఆర్థిక సంవత్సరానికి స్టాఫ్ బడ్జెట్ వేయాలి. పంపించాల్సింది ఎంతమంది ఉన్నారని కాదు, ఎన్ని ఎఫ్‌టీఈలని, అంటే మనుషులందరి గంటలూ కలిపితే ఎన్ని ఫుల్‌టైమ్ ఉద్యోగాలకు సమానమవుతాయని. ఫుల్‌టైమ్ వాళ్లు నలుగురు, వాళ్లతో గొడవ లేదు. పార్ట్‌టైమ్‌లో వారానికి 30 గంటల వాళ్లు ఇద్దరు, 20 గంటల వాళ్లు ముగ్గురు, వీకెండ్‌లో మాత్రమే వచ్చే 15 గంటల ఆయన ఒకరు, ఇంకా వారానికి తలా 10 గంటలు చేసే స్టూడెంట్లు ఆరుగురు.

నేను చేసింది చాలా సింపుల్. 60, 60, 15, మళ్లీ స్టూడెంట్ల 60, మొత్తం 195 గంటలు. దాన్ని 40తో భాగిస్తే 4.875. నలుగురిని కలిపి 8.88 అని రాసి పంపించేశాను, సాయంత్రం అయిదింటికల్లా ఇంట్లో ఉన్నాను కూడా.

రెండు రోజులకే బడ్జెట్ ఆఫీసు నుంచి వెనక్కి వచ్చింది. మా కాలేజీలో ఫుల్‌టైమ్ వారం 40 గంటలు కాదట, 37.5 అట. రోజుకు ఎనిమిదిన్నర గంటలు ఉంటాం, అందులో గంట లంచ్‌కి జీతం లేదు, కాబట్టి రోజుకు ఏడున్నర. నేనే రోజూ అలా పనిచేస్తూ, పాత ఆఫీసు అలవాటులో 40 వేసేశాను. ఏడాదికి 2080 గంటలు అన్న అంకె ఇక్కడ అందరి నోట్లోనూ ఉంటుంది, అది 40ని 52తో గుణిస్తే వచ్చేది. మాకైతే 37.5ని 52తో గుణించి 1950 తీసుకోవాలి.

సరే అని 195ని 37.5తో భాగించాను. 5.2 వచ్చింది. తప్పు దిద్దితే అంకె ఇంకా పెరిగింది! పాత ఏడాది ఫైల్ తీసి చూస్తే అదే మనుషులు, అవే గంటలు, అక్కడ మాత్రం 4.52 ఉంది. నాకు టెన్షన్ అప్పుడు మొదలైంది, ఎందుకంటే 0.68 ఎఫ్‌టీఈ తేడా అంటే మా దగ్గర వారానికి పాతిక గంటల పైమాటే.

సంగతి స్టూడెంట్ల దగ్గర ఉంది. వాళ్లు ఏడాది పొడుగునా రారు. రెండు సెమిస్టర్లూ కలిపి మా దగ్గర పనిచేసేది 30 వారాలు, వేసవి మొత్తం ఉండరు. నేను వాళ్ల వారపు గంటల్ని చూసి 52 వారాలూ ఉన్నట్టే లెక్క కట్టాను. వారానికి 60 గంటలు, 30 వారాలు, మొత్తం 1800 గంటలు. దాన్ని 1950తో భాగిస్తే 0.92, నేను వేసిన 1.6 కాదు. మిగతా 135 గంటలు ఏడాదంతా ఉంటాయి కాబట్టి 37.5తో భాగిస్తే 3.6. రెండూ కలిపితే 4.52, పాత ఫైల్ అంకె దిగింది.

ఇందులో నాకు బాగా గుచ్చుకున్నది ఏంటంటే, మొదటిసారి నేను రెండు తప్పులు చేశాను, ఒకటి అంకెను తగ్గించేది, ఇంకోటి పెంచేది, రెండూ కొంత కొంత చెల్లుకుని 4.875 అనే నమ్మదగ్గ అంకె వచ్చింది. 40 వాడినందుకు ఎవరూ తిప్పి పంపకపోతే స్టూడెంట్ల తప్పు ఎప్పటికీ బయటపడేది కాదు. అప్పటినుంచి వారానికి ఎన్ని గంటలో ఒక కాలమ్, ఏడాదికి ఎన్ని వారాలో ఇంకో కాలమ్ పెడుతున్నాను. భాగహారం చివర్లో ఒక్కసారే:

```
=SUMPRODUCT(B2:B13,C2:C13)/1950
```

ఒక్కసారే అని ఎందుకంటున్నానంటే, 20 గంటల మనిషి 0.5333 అవుతారు. ఒక్కొక్కరినీ విడిగా 0.5 అని రౌండ్ చేస్తే ముగ్గురికి 1.5, అసలు అంకె 1.6. ఆ పోయిన 0.1 అంటే ఏడాదికి 195 గంటలు, మా కౌంటర్ మీద ప్రతి వారం సగం రోజు ఖాళీ.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను గానీ, అసలు పాఠం డబ్బుల దగ్గర నేర్చుకున్నాను. మా డీన్ ఒక ఐడియా చెప్పారు: 20 గంటల వాళ్లు ముగ్గురు ఎందుకు, వాళ్లు తరచూ మానేస్తున్నారు, మళ్లీ మళ్లీ ట్రైనింగ్ ఇవ్వాల్సి వస్తోంది, ఆ 60 గంటల్నీ 30 చొప్పున ఇద్దరికి ఇద్దాం అని. గంటలు అవే, ఎఫ్‌టీఈ అదే 1.6, గంట రేటు కూడా అదే. కాబట్టి ఖర్చు మారదని నేనూ తల ఊపాను.

హెచ్‌ఆర్‌లో ఒకావిడ ఆపింది. ఆమె పుణ్యాన నాకు తెలిసింది ఏంటంటే "ఫుల్‌టైమ్" అన్న మాటకు ఇక్కడ రెండు అర్థాలు. బడ్జెట్ ఆఫీసుకి అది 37.5 గంటలు. ఆరోగ్య బీమా చట్టానికి మాత్రం వారానికి సగటున 30 గంటలు చేస్తే చాలు, మాలాంటి పెద్ద సంస్థ ఆ మనిషికి బీమా ఇవ్వజూపాలి, లేదంటే పెనాల్టీ ప్రమాదం. 20 గంటల వాళ్లకు మా కాలేజీ బీమా ఇవ్వదు. 30 గంటల వాళ్లకు ఇస్తుంది, అదీ 0.8 వంతు కాదు, పూర్తిగా. బడ్జెట్‌లో మేము తలకి 9,000 డాలర్లు వేస్తాం, అంటే ఎఫ్‌టీఈ అంకె ఒక్క పాయింట్ కదలకుండా 18,000 డాలర్లు పెరుగుతుంది.

స్టూడెంట్ల విషయం దీనికి రివర్స్. చదువుతున్న కాలేజీలోనే పనిచేసే స్టూడెంట్‌కి సాధారణంగా సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్ను పడదు, కాబట్టి మామూలుగా సంస్థ వాటాగా కట్టే 7.65 శాతం ఆ వరుసల్లో వేయకూడదు. నేను వేశాను. అది చిన్న మొత్తమే, తీసేశాను. ఒకరు మాత్రం వేసవిలో క్లాసులు తీసుకోకుండా పనికి వస్తానన్నారు, ఆ వారాలకి మినహాయింపు ఉండదని చెప్పి హెచ్‌ఆర్ వాళ్లే వేరే వరుసలో పెట్టించారు.

అప్పటినుంచి నా షీట్‌లో జీతం, బీమా రెండు వేరు లెక్కలు. జీతం గంటల మీద నడుస్తుంది, బీమా తలల మీద. సగటు జీతాన్ని ఎఫ్‌టీఈతో గుణించే పద్ధతి పై ఆఫీసు వాళ్లు పదేళ్ల అంచనాలకు వాడుకుంటారేమో గానీ, పన్నెండు మంది పార్ట్‌టైమర్లు ఉన్న డిపార్ట్‌మెంట్‌లో దాన్ని నమ్మితే మార్చి నాటికే డబ్బులు అయిపోతాయి.

డీన్ చివరికి ముగ్గురినీ అలాగే ఉంచారు, గంట రేటు మాత్రం ఒక డాలర్ పెంచారు. 60 గంటలు, 52 వారాలు, 3,120 డాలర్లు, దాని మీద 7.65 శాతం. నాన్నకి ఇదంతా చెప్తే మొత్తం విని, "అయితే ఆ అర మనిషి స్టూడెంట్లేనన్నమాట" అన్నారు. కాదు నాన్నా, వాళ్లు ఆరుగురూ కలిసి 0.92.