దేవుని కడపలో ఉగాది పొద్దున

"కాయ నువ్వే ఇయ్యి బేటా" అని మనవడి చేతిలో టెంకాయ పెట్టింది దాదీ. వెంకటేశ్వరస్వామి గుడి వరసలో నా ముందరే ఉన్నారు, ఆ ముస్లిం అవ్వా మనవడూ. ఐదారేళ్ల పిల్లోడు ఎందుకని అడిగినాడు.

"వెంకన్నను పెళ్లాడిన బీబీ నాంచారమ్మ మన ఆడబిడ్డ కదరా. అల్లుడి ఇంటికి వట్టి చేతుల్తో పోతామా?"

సోషియాలజీ అసైన్‌మెంట్‌కు మత సామాజికీకరణ గురించి, అంటే పిల్లలకు మతం ఎట్లా అబ్బుతుందో చదువుతున్నా కాబట్టి చెవి అక్కడే ఆగిపోయింది. దేవుడెవరో, ఏది నిజమో ఆమె చెప్పలేదు. ముందు చుట్టరికం చెప్పింది, చేతికి పని ఇచ్చింది. ఇంట్లో నమ్మకం ఎక్కువగా ఇట్లానే వస్తుంది, పెద్దోళ్లను చూసి, వాళ్లతో కలిసి చేసి. మదరసాలోనో, సండే స్కూల్లోనో అయితే దారి వేరే. అక్కడ పాఠం ఉంటుంది, వల్లె వేయిస్తారు, ఏది మనది ఏది కాదో గీత గీస్తారు.

ఇల్లూ బడీ ఒకే మాట చెప్తే అది గట్టిగా నిలుస్తుంది. వేరే మాటలు చెప్తేనే చిక్కు. "నా కొడుకు ఇప్పుడు రాడమ్మా, తప్పంటాడు" అనింది దాదీ. చిన్నప్పుడు ఆయన్ను కూడా ఇట్లనే చెయ్యి పట్టుకొని తెచ్చేదంట.

అందుకే నా ప్రశ్నలు మార్చేస్తున్నా. "ఏం నమ్ముతావు" అని పిల్లల్ని అడగను. ఎవరితో పోతావు, ఆడ నీ పనేంది, పెద్దయ్యాక ఎవరు వద్దన్నారు అని మూడు తరాలనూ అడగాల.