ఆవకాయ కార్డు ఎక్కింపు: సోల గీతల దగ్గర ఆగిన పని

ఆవకాయ తయారీని చేత్తో రాసిన పాత కార్డును టైపు చేసే పని ప్రస్తుతం ఇక్కడిదాకా వచ్చింది: స్కాను అయింది, పదార్థాల పట్టికలో ఒక్క వరుస తప్ప అన్నీ తేలాయి, తయారీ విధానం ఎక్కించడం పూర్తయింది. సమయమంతా తినేసింది అంకెల పక్కనున్న నిలువు గీతలే.

ముందు మరకల సంగతి. కార్డు మీద పసుపు, కారం, నూనె మరకలు ఉంటాయి, రాత నీలం సిరాతో ఉంటుంది. 300 డీపీఐలో రంగుల స్కాను తీసి, అందులోంచి ఎరుపు చానెల్ ఒక్కటే ఇమేజ్‌మ్యాజిక్‌తో విడదీస్తే పసుపు, ఎరుపు మరకలు దాదాపు తెల్లగా మారిపోతాయి, నీలం సిరా మాత్రం నల్లగా నిలుస్తుంది.

```
magick card.png -channel R -separate card_r.png
```

ఎర్ర సిరాతో రాసిన గీతలు ఉంటే అవి కూడా మరకలతో పాటే మాయమవుతాయి. అందుకే అసలు స్కానును పక్కన తెరిచి పెట్టుకునే చదవాలి. సిరా నీళ్లకు అలికిపోయిన చోట ఈ పద్ధతి పనిచేయదు. అక్కడ కార్డును పక్కనుంచి వెలుగు పడేలా పట్టుకుంటే కలం నొక్కిన గాడి కనిపిస్తుంది.

ఇక గీతలు. పాత లెక్కలో ఒక నిలువు గీత (౹) పావు, రెండు (౺) అర, మూడు (౻) ముప్పావు. అదే చేతిరాతలో మాటను కుదించినప్పుడు కూడా రెండు గీతలు పెడతారు: రూపాయలకు రూ॥, పాత కొలగిన్నెలైన సోలకు సో॥, గిద్దెకు గి॥. వాక్యం ముగిసిన చోట ఒక గీత వేసే అలవాటు కొందరికి ఉంటుంది. ఇన్ని రకాల గీతలు ఒకే వరుసలో పడితే టైపు చేసేవారు అరను 11 అనో, ముప్పావును 111 అనో కొట్టేస్తారు. కార్డులోని ఉప్పు వరుసే చూడండి: "ఉప్పు సో॥ ౻". మొత్తం ఐదు గీతలు. సో పక్కనే అంటుకుని ఉన్న రెండూ కుదింపు గుర్తు, ఖాళీ వదిలాక వచ్చిన మూడూ కొలత. ఆ మూడోది వాక్యం చివరి గీత కావచ్చు కదా అన్న అనుమానం వస్తుంది. దాన్ని తీర్చుకోవడానికి మిగతా వరుసల చివరలు చూడాలి. "కారం సో॥ 1" తర్వాత ఏ గీతా లేదు, "ఆవపిండి సో॥ 1" తర్వాతా లేదు. కాబట్టి ఈ చేతికి వరుస చివర గీత వేసే అలవాటు లేదు, అది ముప్పావే. ఇక్కడ అర అని చదివితే నాలుగు సోలల ముక్కలకు ఉప్పు మూడో వంతు తగ్గిపోతుంది, జాడీలో బూజు పట్టే ప్రమాదం ఉంది.

తేలిన పాఠం ఇలా ఉంది. గీతలు కొన్ని ఫోన్లలో ఖాళీ డబ్బాలుగా కనిపిస్తాయి కనుక పాఠంలో ½, ¾ వాడి, అసలు రాతను స్కానులోనే ఉంచాం.

```
ముక్కలు    4 సోలలు
ఆవపిండి   1 సోల
కారం       1 సోల
ఉప్పు      ¾ సోల
నూనె       1½ సోల
మెంతులు   [?] గిద్దె
```

సోలను గ్రాముల్లోకి మార్చలేదు. నాలుగు గిద్దెలు ఒక సోల అన్న లెక్క స్థిరమే కానీ, సోల గిన్నె పరిమాణం ఊరికొకలా ఉంటుంది. పైగా ఒకే సోలలో పట్టే కారం బరువు, ఉప్పు బరువు ఒకటి కావు. కల్లుప్పుకు గళ్ల మధ్య సందులుంటాయి, దంచిన ఉప్పు అదే గిన్నెలో ఎక్కువ బరువు తూగుతుంది. ఉప్పు దంచక ముందు కొలిచారా, దంచాక కొలిచారా అన్నది కార్డులో లేదు. అందుకే ఆ వరుస కింద "ఏ ఉప్పో రాయలేదు" అని విడిగా ఒక గమనిక పెట్టాం. గ్రాములు కావాలంటే ఆ ఇంటి సోల గిన్నెతోనే ఒక్కో పదార్థాన్ని విడిగా తూచి, ఆ అంకెలను మరో వరుసలో రాయాలి, కార్డు అంకెల మీద కాదు.

తయారీ విధానం కార్డులో ఒకే పేరాగా ఉంది. దాన్ని నాలుగు మెట్లుగా విడగొట్టాం: కాయలు కడిగి తడి లేకుండా తుడిచి ముక్కలు కొట్టడం, జీడి తీసి పొర గీకడం, పొడులు కలిపి నూనెలో ముంచిన ముక్కలకు పట్టించి జాడీకి ఎత్తడం, మూడోనాడు తిరగ కలిపి "మిగతా నూనె" పోయడం. మిగతా అంటే ఎంత? మొదట ఎంత వాడాలో రాయలేదు. సగం సగం అనిపిస్తుంది గానీ, పాఠంలో "మిగతా" అనే ఉంచాం. విడగొట్టాక పట్టికలోని ప్రతి పదార్థమూ ఏదో ఒక మెట్టులో కనబడుతోందా అని చూస్తే, మెంతుల ప్రస్తావన ఎక్కడా లేదు. పొడులతో కలిసే ఉండాలి, కానీ వేయించి పొడి చేయాలో, పచ్చివే వేయాలో కార్డు చెప్పదు.

మిగిలింది ఆ మెంతుల వరుసే. గి॥ తర్వాత నూనె మరక కింద రెండు గీతలు స్పష్టంగా ఉన్నాయి, మూడోది సిరానో, కాగితం మడతో తెలియడం లేదు. కార్డు వెనక వైపు వెలుగు పెట్టి మరోసారి ఫొటో తీయాలి. అది మడతే అయితే గీత సాధారణంగా కార్డు అంచువైపు సాగుతుంది, సిరా అయితే పక్క గీతల ఎత్తులోనే ఆగుతుంది.