మధ్యలో మొదలయ్యే గోడ

గురువారం, రాత్రి.

ఈ రోజంతా రెండు స్లైడుల ముందే గడిచిపోయింది. నిన్న మధ్యాహ్నం ఉల్లి వేరు కొనలను రెండు భాగాలు చేసి, ఒక భాగాన్ని మామూలు నీటిలోనే ఉంచాను, రెండో భాగాన్ని 100 మిల్లీలీటర్ల నీటికి 0.1 గ్రాము చొప్పున కెఫీన్ కలిపిన ద్రావణంలో ఒక గంట ఉంచాను. తరువాత వాటిని శుభ్రంగా కడిగి, మూడు నాలుగు గంటలు నీటిలో కోలుకోనిచ్చి, సాయంత్రం మూడు పాళ్ల ఆల్కహాలు, ఒక పాలు ఎసిటిక్ ఆమ్లం కలిపిన స్థిరీకరణ ద్రవంలో వేసి వెళ్లాను. ఈ ఉదయం 60 డిగ్రీల వేడిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కొనలను మెత్తబరచి, ఎసిటోకార్మైన్‌తో రంగు వేసి, కవర్‌స్లిప్ కింద బొటనవేలితో నొక్కి పరిచాను. కణద్రవ్య విభజన పాఠానికి ప్రతి ఏటా ఒకే బొమ్మ గీసి వదిలేయడం నాకు తృప్తినివ్వడం లేదు. ఎడమవైపు నడుము నొక్కుకుపోయిన జంతుకణం, కుడివైపు మధ్యలో గీత ఉన్న వృక్షకణం, ఇంతే ఆ బొమ్మ. ఆ గీత ఎలా వచ్చిందో, రాకపోతే ఏమవుతుందో పిల్లలు కళ్లారా చూడాలని ఈ ప్రయత్నం.

ముందు నీటిలో ఉంచిన కొనల స్లైడు చూశాము. అంత్యదశలో ఉన్న ఒక కణం చాలా చక్కగా దొరికింది. రెండు క్రోమోసోముల గుంపులు రెండు కొసలకు చేరాయి, నడుమ లేతగా కనిపించే ఖాళీలో సన్నటి గీత ఒకటి ఉంది. కాంతి కాస్త తగ్గించి, కండెన్సర్ కింది డయాఫ్రం మూస్తే తప్ప ఆ గీత కంటికి ఆనదు. ఆ గీత రెండు పక్కల గోడలనూ ఇంకా తాకలేదు. నడిమధ్యలో మొదలై, అటూ ఇటూ కొంత దూరం సాగి ఆగినట్టుంది. వంతు వచ్చిన విద్యార్థిని చాలాసేపు చూసి, "సార్, గోడ కట్టేటప్పుడు అంచు నుంచి మొదలుపెట్టాలి కదా, ఇది గాలిలో మొదలైనట్టు ఉందేమిటి?" అని అడిగింది. ఆ ప్రశ్నే ఈ రోజంతా నన్ను వదలలేదు.

వృక్షకణానికి గట్టి కణకవచం ఉంది కాబట్టి అది నొక్కుకోలేదు అనేది సాధారణంగా చెప్పే జవాబు. అది నిజమే గాని సగం జవాబు మాత్రమే. లోపల కొన్ని వాతావరణ పీడనాలంత ఒత్తిడితో ప్లాస్మాత్వచం కవచానికి అదుముకుని ఉంటుంది, దాన్ని లోపలికి లాగాలంటే ఆ ఒత్తిడినంతా ఎదిరించాలి. అయితే కణం ఎందుకు నొక్కుకోలేదో ఇది చెబుతుంది తప్ప, గోడ మధ్య నుంచి ఎలా మొదలవుతుందో చెప్పదు. దానికి జవాబు, క్రోమోసోములను రెండు వైపులకూ లాగే సూక్ష్మనాళికల కండెలో, అవి విడిపోయాక మధ్యభాగంలో మిగిలిన నాళికలలో ఉంది. అవి రెండు జట్లుగా ఎదురెదురుగా నిలబడి ఫ్రాగ్మోప్లాస్ట్ అనే నిర్మాణంగా ఏర్పడతాయి. వాటి పెరిగే కొసలు మధ్యతలం వైపు ఉంటాయి. గాల్జీ నుంచి బయలుదేరిన చిన్న చిన్న తిత్తులు ఆ నాళికల వెంట మధ్యతలానికి చేరి, ఒకదానితో ఒకటి కలిసి, ముందు గొట్టాల వలలా, తరువాత చిల్లులున్న పలకలా, చివరికి నిండు పలకలా మారతాయి. అదే కణఫలకం. మధ్యలో పని పూర్తయిన చోట నాళికలు కరిగిపోతాయి, అంచుల దగ్గర కొత్తవి పుడతాయి, కాబట్టి ఫ్రాగ్మోప్లాస్ట్ ఒక ఉంగరంలా వెడల్పవుతూ పక్క గోడల వైపు కదులుతుంది. మేము చూసిన కణంలో ఆ ఉంగరం ఇంకా దారిలోనే ఉంది.

పిల్లలు వెళ్లాక కాగితం మీద ఒక లెక్క వేసుకున్నాను. ఒక్కో తిత్తి వ్యాసం సుమారు 70 నానోమీటర్లు అనుకుంటే, దాని పొర వైశాల్యం 0.015 చదరపు మైక్రోమీటర్లు మాత్రమే. కణం అడ్డుకొలత 20 మైక్రోమీటర్లు, ఫలకం గుండ్రం అనుకుంటే, దాని రెండు ముఖాలూ కలిపి దాదాపు 630 చదరపు మైక్రోమీటర్లు అవుతాయి. అంటే ఒక్క గోడకు 40 వేలకు పైగా తిత్తులు కావాలి. నిజానికి ఇంతకంటే చాలా ఎక్కువే కావాలి, ఎందుకంటే ఫలకం చదునవుతున్నప్పుడు మిగిలిపోయిన పొరలో చాలా భాగాన్ని కణం తిరిగి లోపలికి తీసుకుంటుంది. తిత్తుల పొరలు కొత్త ప్లాస్మాత్వచంగా మారితే, వాటి లోపల ఉన్న సరుకు గోడగా మారుతుంది. మొదట్లో ఆ గోడలో కాలోస్ ఎక్కువగా ఉంటుంది, సెల్యులోజ్ తరువాత చేరి దాని స్థానాన్ని తీసుకుంటుంది. తిత్తులు కలిసిపోతున్నప్పుడు మధ్యలో చిక్కుకున్న అంతర్జీవ ద్రవ్యజాలపు పోగుల చుట్టూ సన్నటి దారులు మిగిలిపోతాయి, రెండు పిల్లకణాలనూ కలిపి ఉంచే ప్లాస్మోడెస్మేటా అవే. గోడ కడుతున్నప్పుడే కిటికీలు కూడా పెట్టేయడం నాకు ఎప్పుడూ ముచ్చటగా అనిపిస్తుంది.

కెఫీన్ స్లైడు మధ్యాహ్నం చూశాము. కెఫీన్ ఉన్నా క్రోమోసోములు మామూలుగానే విడిపోతాయి, ఫ్రాగ్మోప్లాస్ట్ ఏర్పడుతుంది, తిత్తులు వస్తాయి, కలవడం కూడా మొదలవుతుంది. కాని ఆ వల గట్టిపడి పలకగా నిలదొక్కుకునే దశలో ఆగి, కాలోస్ సరిగా చేరక, తిరిగి విడిపోతుంది. ఫలితంగా ఒకే కవచంలో రెండు కేంద్రకాలు మిగులుతాయి. ఆ గంటలో విభజన చివరి దశ దాటుతున్న కణాలకే ఇలా జరుగుతుంది కాబట్టి స్లైడులో అవి కొన్నే ఉంటాయి, ఓపికగా వెతకాలి.

ఇక్కడ పొరపాటు పడటం చాలా సులువు. మొదట ఒక విద్యార్థి చూపించిన కణం నిజమైన ద్వికేంద్రక కణం కాదు, స్లైడు నొక్కినప్పుడు ఒకదాని మీద ఒకటి పడిన రెండు కణాలు. ఫోకస్‌ను నెమ్మదిగా పైకీ కిందికీ కదిపితే రెండు కేంద్రకాలూ వేర్వేరు లోతుల్లో స్పష్టమయ్యాయి. రెండోది మామూలు అంత్యదశ, క్రోమోసోములు ఇంకా ముద్దగానే ఉన్నాయి. నిజమైన ద్వికేంద్రక కణంలో రెండు కేంద్రకాలూ అంతర్దశకు చేరుకుని, లోపల కేంద్రకాంశాలు కనిపిస్తూ, ఒకే లోతులో, దగ్గర దగ్గరగా ఉండాలి, వాటి నడుమ కాంతి తగ్గించినా గీత కనిపించకూడదు. అలాంటివి ఒక అరడజను దొరికాయి. వాటి పక్కన ఉన్న ఒక కణాన్ని మాత్రం చాలాసేపు వదలలేకపోయాను. దానిలో ఒక పక్క గోడ నుంచి లోపలికి కొద్ది దూరం పొడుచుకు వచ్చిన మొండి గోడ ఉంది. కెఫీన్ తగిలే వేళకు ఆ ఫలకం ఒక వైపు తల్లి గోడను అంటుకుని గట్టిపడి ఉండాలి. అతుక్కున్న ముక్క నిలిచింది, అతుక్కోని ముక్క కరిగింది.

జంతుకణం సంగతికి సాయంత్రం సముద్రపు అర్చిన్ గుడ్డు విభజన వీడియో వేశాను. ఇక్కడ కట్టడం కాదు, బిగించడం. త్వచం కిందనే ఆక్టిన్ పోగులు, మయోసిన్ కలిసి నడుము చుట్టూ ఒక వలయంగా ఏర్పడి బిగుసుకుంటాయి, త్వచం వాటితో లోపలికి వచ్చి గాడి పడుతుంది. గాడి లోతుకు పోయి చివరికి సన్నటి వంతెన మిగులుతుంది, ఆ వంతెన తెగడానికి వేరే ప్రొటీన్ల బృందం రావాలి. సైటోకలాసిన్ వేసి ఆక్టిన్‌ను చెదరగొడితే పడిన గాడి మళ్లీ సర్దుకుపోయి ఇక్కడా రెండు కేంద్రకాల కణమే మిగులుతుంది. ఫలితం ఒకటే అయినా, ఉల్లిలో సగం కట్టిన గోడ కరిగింది, గుడ్డులో బిగించిన తాడు సడలింది. బిగించడమే కాబట్టి కొత్త పొర అక్కర్లేదనుకోకూడదని కూడా పిల్లలకు చెప్పాను. ఒక గోళం అదే ఘనపరిమాణంతో రెండు గోళాలైతే మొత్తం ఉపరితలం 26 శాతం పెరుగుతుంది, ఆ పెరిగే భాగానికి జంతుకణం కూడా తిత్తుల మీద ఆధారపడవలసిందే.

అసలు తేడా నాకు ఎక్కడ కనిపిస్తుందంటే, ఎక్కడ విడిపోవాలనే నిర్ణయం ఎప్పుడు జరుగుతుందనే దానిలో. జంతుకణం దాన్ని చివరి దాకా తేల్చదు. 1961లో రే రాపపోర్ట్ అనే శాస్త్రవేత్త, సముద్రపు అర్చిన్‌కు బంధువైన సాండ్ డాలర్ గుడ్డు మధ్యలో చిన్న గాజు గోళాన్ని గుచ్చి, దాన్ని గారెలా మధ్యలో రంధ్రం ఉన్న ఆకారానికి మార్చాడు. మొదటి విభజనలో కండె ఉన్న వైపే గాడి పడి, గుర్రపు నాడా ఆకారంలో, రెండు చేతులలో రెండు కేంద్రకాలతో ఒకే కణం మిగిలింది. రెండో విభజనలో రెండు చేతులలోనూ కండెల దగ్గర గాడులు పడటమే కాక, నాడా వంపులో, కండెగానీ క్రోమోసోములుగానీ లేకుండా రెండు కండెల నక్షత్రకాలు, అంటే కండె కొసల నుంచి కిరణాల్లా విచ్చుకునే సూక్ష్మనాళికల గుంపులు, ఎదురుపడిన చోట కూడా మూడో గాడి పడింది. అంటే సూక్ష్మనాళికల నక్షత్రకాలు ఎక్కడుంటే త్వచం అక్కడే ఆజ్ఞ అందుకుంటుంది, ముందుగా గీసి పెట్టిన గీత ఏదీ లేదు.

వృక్షకణంలో ఆ గీత ముందే ఉంటుంది. 1966లో పికెట్-హీప్స్, నార్త్‌కోట్ గోధుమ మొక్కలో కనుగొన్న ఒక సూక్ష్మనాళికల పట్టీ, విభజనకు ముందే త్వచం కింద కేంద్రకం చుట్టూ ఏర్పడి, క్రోమోసోములు మధ్యకు చేరకముందే మాయమవుతుంది. చాలాసేపటి తరువాత ఫలకపు అంచు సరిగ్గా ఆ పట్టీ ఉన్న చోటికే వచ్చి అతుక్కుంటుంది. గోధుమ ఆకు పత్రరంధ్రం పక్కన ఉండే సహాయక కణం వంపు గోడతో పుడుతుంది, పట్టీ కూడా ఆ వంపు గోడ తల్లి గోడను తాకబోయే చోటే ముందుగా ఏర్పడుతుంది. పట్టీ పోయినా టాంగిల్డ్ వంటి ప్రొటీన్లు ఆ చోటును గుర్తుంచుకుంటాయి. ఇదేమీ తిరుగులేని శాసనం కాదు. పట్టీ ఏర్పడని అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క ఉత్పరివర్తనాల్లో కూడా గోడలు చాలావరకు సరైన దిశలోనే పడతాయి, వాటి ఖచ్చితత్వం మాత్రం తగ్గుతుంది.

ఎసిటోకార్మైన్‌కు ఆ పట్టీ దొరకదు, దానికి ప్రతిదీప్తి రంగు కట్టిన ప్రతిరక్షకాలు కావాలి. అయినా ఇంటికి బయలుదేరే ముందు మొండి గోడ ఉన్న కణాన్ని ఇంకొకసారి చూసి, పుస్తకంలో దాని బొమ్మ గీసుకున్నాను. మొండి గోడ తల్లి గోడను అంటుకున్న చోట పెన్సిల్‌తో చిన్న బాణం గుర్తు పెట్టాను. ఆ ఫలకం పుట్టకముందే, ఇప్పుడు కనిపించని పట్టీ ఒకటి ఉండిన చోటు అదే అయి ఉంటుంది. రేపు ఆ విద్యార్థినిని పిలిచి మొదట ఈ కణాన్నే చూపించాలి.