వి, డబ్ల్యూ ధ్వనులు: ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్ కోసం నేను చేసిన సాధన

ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌లో నాలుగో వంతు మార్కులు ఉచ్చారణవే. అందులో తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు వి, డబ్ల్యూ ధ్వనులు కలిసిపోవడం. దానికి కారణం మన ‘వ’.

అద్దం ముందు నిలబడి ‘వాన’ అని నెమ్మదిగా అనండి. కింది పెదవి పైపళ్ల దగ్గరకు వెళ్తుంది కానీ గట్టిగా ఆనదు. గాలి రాపిడి లేకుండా జారిపోతుంది. పెదవులు గుండ్రంగానూ మారవు. ఇంగ్లిష్‌లో వి పలకాలంటే పళ్లు పెదవిని తాకాలి, గాలి ఒరుసుకుంటూ రావాలి. డబ్ల్యూకు పళ్లతో పనే లేదు, పెదవులు సున్నాలా చుట్టుకుని ముందుకు రావాలి. మన ‘వ’ ఈ రెండిటికీ నడుమ ఉంటుంది. అందుకే మనం ‘వెస్ట్’ అంటే పడమర అన్నామో బనియన్ అన్నామో విన్నవాళ్లకు తేలదు. తెలుగు లిపిలో కూడా రెండూ ఒకటే కాబట్టి ఈ సాధనకు నోట్సు తెలుగులో రాసుకోవద్దు.

వి కోసం నేను ‘ఫ్యాన్’ నుంచి మొదలుపెట్టాను. అందులోని ‘ఫ్’ను పళ్లు పెదవికి ఆనించి కాసేపు సాగదీయండి. పళ్లు కదపకుండా అక్కడే గొంతు కలపండి. కింది పెదవి జుమ్మని అదిరితే వి వచ్చినట్టే. అదురు లేకపోతే మీరు మళ్లీ మన ‘వ’లోకి జారారు.

డబ్ల్యూకు ‘ఊ’ దారి చూపిస్తుంది. ‘ఊ... ఎస్ట్’ అని విడదీసి మొదలుపెట్టి, క్రమంగా దగ్గరకు తెస్తే పడమర వస్తుంది. కలప, మహిళ అనే అర్థాలున్న ఇంగ్లిష్ మాటలు మాత్రం ఇంకాస్త కష్టం. మనకు ఊరు అన్నా వూరు అన్నా ఒకటే కదా, ఆ అలవాటుతో వాటిని ‘ఉడ్’, ‘ఉమన్’ అనేస్తాం. అక్కడ పెదవులను అచ్చుకు కావలసిన దానికన్నా బిగువుగా చుట్టి, తర్వాత వదలాలి.

రెండూ విడిగా వచ్చాక ‘వేవ్’ తీసుకోండి. సున్నాలా చుట్టిన పెదవులతో మొదలై, పళ్లు ఆనడంతో ముగుస్తుంది. ‘ట్వెల్వ్’లో అయితే ‘ట్’ అంటున్నప్పుడే పెదవులు చుట్టుకుని ఉండాలి. ఈ దశలో చాలామందికి డబ్ల్యూ అలవాటై ‘వెరీ’ని కూడా పెదవులు చుట్టి పలుకుతారు. అలా జరిగితే రెండు రోజులు వి మాటలు మాత్రమే చదవండి.

సాధన ఫలించిందా అన్నది మీ చెవికి వదలకండి. వెస్ట్, వైన్, వెట్ జంటల్లోంచి కలగలిపి 20 మాటలు రికార్డు చేసి, స్నేహితుడికి పంపి, ఏది ఏ అక్షరమో రాయమనండి. గుడ్డిగా ఊహించినా దాదాపు 10 సరిపోతాయి. కాబట్టి 12, 13 వస్తే తేడా ఇంకా పలకనట్టే లెక్క. 18 దాటితే జంటలు ఆపి, పార్ట్ 2 జవాబును రెండు నిమిషాలు మాట్లాడి రికార్డు చేయండి. విడి మాటల్లో కుదిరినది వేగంగా మాట్లాడేటప్పుడు ఎక్కడ జారుతుందో అందులోనే తెలుస్తుంది.