మూసిన గది కథ: ముందు నిజం, తర్వాత అబద్ధాలు

పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీ. వెనకవైపు లెక్కల గదిలో పెద్దాయన తలకు దెబ్బతో చనిపోయి ఉంటాడు. కిటికీకి ఇనప ఊచలు, ఉన్నది ఒకటే తలుపు, దానికి లోపల గడియ. నేను రాయాలనుకున్న కథకు మొదట తోచింది ఇంతే. హంతకుడు బయటికి ఎలా వచ్చాడు?

దారం కట్టి గడియ లాగడం, అయస్కాంతం పెట్టడం లాంటివి మొదటే వద్దనుకున్నాను. అవి నమ్మించాలంటే బొమ్మ గీసి చూపించాలి. పైగా పాఠకుడు ఎంత ఆలోచించినా ఊహించలేడు. అపరాధ పరిశోధన కథలకు ఇంగ్లీషు రచయిత రోనాల్డ్ నాక్స్ 1929లో రాసిన నియమాల్లో ఒకటి నాకు చాలా ఇష్టం: డిటెక్టివ్‌కు దొరికిన ఆధారం పాఠకుడికీ చూపించి తీరాలి. అందుకని ఇక్కడి ఇళ్లలో అందరూ చూసే విషయం కోసం వెతికాను. వానాకాలంలో బిగుసుకుపోయే తలుపు దొరికింది.

మా వీధిలో వడ్రంగి పని చేసే పెద్దాయనను అడిగితే, "తడికి చెక్క అడ్డంగా ఉబ్బుతాది బాబూ, పొడుగు పెరగదు" అన్నాడు. అంటే తలుపు వెడల్పు పెరిగి, ద్వారబంధంలో పక్కల నుంచి పట్టేస్తుంది. ఒక్క రాత్రి వానకు అలా కాదు, రోజుల తరబడి ముసురు పట్టాలి. అంచులకు రంగు వేయని చెక్కయితే తేమ ఇంకా తొందరగా పీలుస్తుంది. కాబట్టి కథలో వారం రోజుల ముసురు పెట్టాను, తలుపు మామిడి చెక్కతో చేయించాను.

తర్వాత కాగితం మీద ఆ రాత్రి నిజంగా జరిగింది గంటల వారీగా రాసుకున్నాను. పక్కనే ఒక్కొక్కరికి మూడు గడులు: ఏం చేశాడు, ఏం చెప్పాడు, ఎందుకు దాచాడు. గుమస్తా గుండు పప్పును బద్దగా లెక్క రాసి, ధరలో తేడా తను తింటున్నాడు. ఆ రాత్రి పెద్దాయన నిలదీస్తే కొట్టాడు, భయంతో తలుపు బలంగా లాగేసి పారిపోయాడు. తలుపు బిగుసుకుపోయింది. గది మూయాలన్న పథకం అతనికి లేనే లేదు. అంతకుముందు కూతురు తన నగలు తాకట్టు విడిపించమని తండ్రిని బతిమాలడానికి వచ్చింది. అది అత్తింటివాళ్లకు తెలియకూడదు. వాచ్‌మన్ కాపలా వదిలి ఇంటికి వెళ్లాడు, ఆ మాట చెబితే పని పోతుంది. అందుకే "ఎవరూ రాలేదు" అంటాడు.

మరి గడియ ఎవరు వేశారు? ఈ ప్రశ్న దగ్గర చాలా రోజులు ఆగాను. జవాబు కొడుకు దగ్గర దొరికింది. చెల్లెలు ఆ రాత్రి వచ్చిందని అతనికి తెలుసు. పొద్దున అందరూ కలిసి తలుపు తోసి లోపలికి వెళ్లాక, గడియ వేసి లేదని మొదట చూసింది అతనే. అందరి చూపూ శవం మీద ఉన్నప్పుడు గడియ ముందుకు జరిపేశాడు. ఇక తండ్రి లోపల గడియ వేసుకుని, కాలు జారి ఇనప్పెట్టె మీద పడ్డాడని అందరూ అనుకుంటారు. అంటే గదిని మూసింది హంతకుడు కాదు, ప్రేమ. నాకు ఈ కథలో బాగా నచ్చింది అదే.

ఇక్కడ ఒక భౌతిక సత్యం నాకు పనికొచ్చింది. నిజంగా గడియ వేసిన తలుపును తోసి తెరిస్తే, గడియ దూరే రింగు మరలతో సహా ఊడి రావాలి, లేదా చెక్క చీలాలి. మా కథలో గడియ ముందుకు వచ్చి ఉంది కానీ, రింగు మరల మీద రంగు కూడా పెచ్చు లేవలేదు. ఆ వాక్యాన్ని గది వర్ణన మధ్యలో, క్యాలెండర్‌కూ ఇనప్పెట్టెకూ నడుమ పెట్టాను. తలుపు ఉబ్బే సంగతి మాత్రం కోడలి నోట పెట్టాను. వంటింటి తలుపు పట్టేస్తోంది, వడ్రంగిని పిలవమంటే పిలవరని ఆమె మొగుడితో పోట్లాడుతుంది. పాఠకుడు పోట్లాట చూస్తాడు, తలుపు వదిలేస్తాడు.

ముగింపు ఇవ్వకుండా కొందరు స్నేహితులకు చదవడానికిచ్చి, ఎవరు, ఎలా అన్నది రాసిమ్మన్నాను. రింగు దగ్గర అనుమానపడ్డవాళ్లు కూడా కొడుకునే హంతకుడనుకున్నారు. అది నాకు కావాల్సిందే, ఎందుకంటే అతను నిజంగానే ఒకటి దాచాడు. కానీ విజయనగరం స్నేహితుడొకడు గట్టి ప్రశ్న వేశాడు: "గడియ అబద్ధమని తేలితే ఆ రాత్రి లోపలికి ఎవరైనా వెళ్లుండొచ్చు కదా, గుమస్తాయే అని ఎలా?"

దానికోసం తలుపు తోసే ఘట్టంలో ఒక్క మాట చేర్చాను. అందరూ "అయ్యా, గడియ తియ్యండి" అని బయటి నుంచి అరుస్తుంటారు. తలుపు మీద ఇంకా ఎవరూ చెయ్యి వేయలేదు. అప్పుడే వచ్చిన గుమస్తా మాత్రం అంటాడు: "అందరం ఒక్కసారి గట్టిగా తోద్దాం, పట్టేసినట్టుంది."